నెల మధ్యలో రేటు పెరిగితే క్లోజింగ్ స్టాక్ విలువ ఎంత? ఫిఫో, వెయిటెడ్ యావరేజ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో హోల్‌సేల్ షాపుల లెక్కలు రాసేవాళ్లకు రేట్లు పెరిగిన నెల చివర్లో ఒకటే ప్రశ్న వస్తుంది: "డబ్బాలు అవే, బిల్లులు అవే. మా గుమస్తా వేసిన విలువకీ ఆడిటర్ గారు వేసిన విలువకీ పన్నెండు వేలు తేడా ఏంటండీ?" పదేపదే వచ్చే సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

ఉదాహరణకు 2024 సెప్టెంబర్ నెల తీసుకున్నాను. ఆ నెల 14 నుంచి కేంద్రం ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల దిగుమతి సుంకాన్ని, సెస్సులు కలుపుకుని, 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. నూనె వ్యాపారులకు ఒకే నెలలో పాత రేటు సరుకూ కొత్త రేటు సరుకూ పక్కపక్కనే చేరాయి. పూర్ణా మార్కెట్‌లో 15 కిలోల పామాయిల్ డబ్బాలు అమ్మే ఒక షాపును ఊహించుకుందాం. కింది రేట్లు లెక్క కోసం వేసుకున్నవే, ఆనాటి మార్కెట్ రేట్లు కావు. కొన్న రేట్లలో షాపు దాకా వచ్చిన కిరాయి కలిసి ఉంది, జీఎస్టీ లేదు.

| తేదీ | వివరం | డబ్బాలు | రేటు (రూ.) | మొత్తం (రూ.) |
|---|---|---|---|---|
| 1 | ఓపెనింగ్ స్టాక్ | 40 | 1,500 | 60,000 |
| 4 | కొనుగోలు | 60 | 1,550 | 93,000 |
| 12 | అమ్మకం | 60 | 1,600 | 96,000 |
| 18 | కొనుగోలు | 60 | 1,780 | 1,06,800 |
| 24 | అమ్మకం | 50 | 1,850 | 92,500 |
| 26 | కొనుగోలు | 50 | 1,902 | 95,100 |
| 30 | అమ్మకం | 30 | 1,960 | 58,800 |

ఓపెనింగ్ స్టాక్‌తో కలిపి వచ్చినవి 210 డబ్బాలు, వాటి ఖరీదు రూ.3,54,900. అమ్మినవి 140, వచ్చిన సొమ్ము రూ.2,47,300. నెలాఖరుకు మిగిలినవి 70.

## లెక్క మొదలుపెట్టే ముందు

గోడౌన్‌లో ఉన్నవి 70 డబ్బాలే కదా, రెండు విలువలు ఎలా వస్తాయి?

మిగిలిన డబ్బాల మీద ఏ రేటుకు కొన్నామో రాసి ఉండదు కాబట్టి. ఆ నెలలో వచ్చిన 210 డబ్బాల మొత్తం ఖరీదు రూ.3,54,900. ఇందులో ఎవరికీ తేడా లేదు. ఈ మొత్తాన్ని రెండు ముక్కలు చేయాలి: అమ్మేసిన 140 డబ్బాల ఖరీదు ఒకటి, మిగిలిన 70 డబ్బాల ఖరీదు ఇంకొకటి. ఆ గీత ఎక్కడ గీయాలన్నదే పద్ధతి.

ముందు కొన్నవి ముందు వెళ్లిపోయాయి అనుకుంటే ఫిఫో. అప్పుడు మిగిలినవన్నీ చివర్లో ఎక్కువ రేటుకు కొన్నవి అవుతాయి. నూనె అంతా ఒకే డ్రమ్ములో పోసి కలిపేసినట్టు ప్రతి డబ్బాకూ ఒకే రేటు అనుకుంటే వెయిటెడ్ యావరేజ్. రేటు నెలంతా మారకపోతే రెండింటికీ ఒకే జవాబు వస్తుంది. అందుకే ధరలు కుదురుగా ఉన్న నెలల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

మా కుర్రాళ్లు ముందు వరసలో ఉన్న కొత్త డబ్బాలే అమ్మేశారు. అయినా ఫిఫో వేయొచ్చా?

వేయొచ్చు. ఫిఫో అనేది ఖరీదు లెక్కకు పెట్టుకున్న ఒక వరస. గోడౌన్‌లోంచి ఏ డబ్బా బయటికి వెళ్లిందో అది పట్టించుకోదు. ఒకే కంపెనీ, ఒకే సైజు డబ్బాలు ఒకదాని బదులు ఇంకొకటి ఇవ్వగలిగినవి కాబట్టే ఇలాంటి లెక్క చెల్లుతుంది. ఇంజిన్ నంబరుతో అమ్మే మోటార్ సైకిల్ లాంటి వాటికి మాత్రం ఆ బండి ఖరీదు ఆ బండికే వేయాలి, అక్కడ ఫిఫో గానీ సగటు గానీ అక్కర్లేదు.

లెక్క సంగతి అలా ఉంచితే, నూనెకు వాడాల్సిన గడువు ఉంటుంది. పాత డబ్బాలు వెనకాలే ఉండిపోతే నష్టం మీదే. కుర్రాళ్లకు ఆ మాట విడిగా చెప్పండి.

కొన్న రేటు అంటే బిల్లు మీద రేటేనా? కిరాయి, హమాలీ, జీఎస్టీ సంగతేంటి?

సరుకు మీ షాపులో దిగేదాకా అయిన ఖర్చంతా ఖరీదే. 26న కొన్న 50 డబ్బాల బిల్లు రేటు రూ.1,890, అంటే రూ.94,500. వ్యాను కిరాయి, దింపిన హమాలీ కలిపి రూ.600 అనుకుందాం. మొత్తం రూ.95,100, డబ్బాకు రూ.1,902. క్లోజింగ్ స్టాక్‌కు వాడాల్సింది ఈ 1,902. బిల్లులోనే తగ్గించిన ట్రేడ్ డిస్కౌంట్‌ను ఖరీదులోంచి తీసేయాలి. గోడౌన్ అద్దె, మీరు కస్టమర్‌కు పంపే ఆటో కిరాయి మాత్రం ఇందులోకి రావు.

వంటనూనె మీద కట్టిన 5 శాతం జీఎస్టీకి మీరు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటుంటే, అది తిరిగి వచ్చే సొమ్ము కాబట్టి పుస్తకాల్లో ఖరీదులో కలపకూడదు. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్న షాపుకు క్రెడిట్ రాదు, వాళ్లు కలపాలి. ఆదాయపు పన్ను లెక్కలో కొనుగోళ్లు, అమ్మకాలు, స్టాకు మూడింటినీ పన్నుతో కలిపి చూపే సర్దుబాటు ఒకటి ఉంది. దాన్ని ఆడిటర్ గారు విడిగా చేస్తారు. నెలవారీ లెక్కలోకి దాన్ని లాక్కురావద్దు.

ఈ రోజు మార్కెట్ 1,960 ఉంది. డబ్బాలన్నీ అదే రేటుకు వేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

మార్కెట్‌లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. 70 డబ్బాలను 1,960తో గుణిస్తే రూ.1,37,200 వస్తుంది. కానీ అది మీరు ఇంకా అమ్మని సరుకు మీద లాభం ఇప్పుడే రాసుకోవడం. క్లోజింగ్ స్టాక్‌ను కొన్న ఖరీదుకు గానీ, ఖర్చులు పోను అమ్మితే వచ్చే సొమ్ముకు గానీ, రెండింటిలో ఏది తక్కువైతే దానికే వేయాలి. అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్–2 చెప్పేది ఇదే. రేటు పెరిగిన నెలలో తక్కువగా ఉండేది సాధారణంగా కొన్న ఖరీదే కాబట్టి మార్కెట్ రేటుకు ఇక్కడ చోటు లేదు.

## లెక్క వేసేటప్పుడు

ఫిఫోలో 70 డబ్బాల విలువ ఎలా కట్టాలి?

చివరి బిల్లు నుంచి వెనక్కి నడవండి. అమ్మకాల తేదీలు చూడాల్సిన పని కూడా లేదు. చివరగా 26న కొన్నవి 50 డబ్బాలు, రేటు 1,902. అవన్నీ మిగిలినట్టే, రూ.95,100. ఇంకా 20 కావాలి. దాని ముందు బిల్లు 18వ తేదీది, 60 డబ్బాలు 1,780 చొప్పున. అందులోంచి 20 తీసుకుంటే రూ.35,600. రెండూ కలిపితే రూ.1,30,700. ఇదే ఫిఫో క్లోజింగ్ స్టాక్.

సరిచూసుకోవడానికి అమ్మిన వైపు నుంచి రండి. అమ్మిన 140లో మొదటి 40 ఓపెనింగ్ స్టాక్‌వి (60,000), తర్వాతి 60 నాలుగో తేదీవి (93,000), మిగతా 40 పద్దెనిమిదో తేదీవి (71,200). మొత్తం రూ.2,24,200. దీన్ని 1,30,700తో కలిపితే రూ.3,54,900 రావాలి, వచ్చింది. రాకపోతే ఏదో ఒక బిల్లును రెండుసార్లు లెక్కపెట్టారు, లేదా ఒకదాన్ని వదిలేశారు.

వెయిటెడ్ యావరేజ్‌లో అదే 70 డబ్బాలకు ఎంత?

నెలంతటికీ ఒకే సగటు తీసే పద్ధతిలో మొత్తం ఖరీదును మొత్తం డబ్బాలతో భాగిస్తే చాలు. ఓపెనింగ్ స్టాక్‌ను కలపడం మరవకూడదు. రూ.3,54,900ను 210తో భాగిస్తే డబ్బాకు రూ.1,690. మిగిలిన 70కి రూ.1,18,300, అమ్మిన 140కి రూ.2,36,600.

ఎక్సెల్‌లో అయితే B గడుల్లో డబ్బాలు, C గడుల్లో రేట్లు పెట్టి (ఓపెనింగ్ స్టాక్, మూడు కొనుగోళ్లు మాత్రమే, అమ్మకాలు కాదు) ఇలా రాయొచ్చు:

```
=SUMPRODUCT(B2:B5,C2:C5)/SUM(B2:B5)
```

సగటును రూపాయికి సరిచేశాక డబ్బాలతో గుణించకండి. ఇక్కడ అదృష్టవశాత్తూ సరిగ్గా 1,690 వచ్చింది గానీ, మామూలుగా పైసలు ఉంటాయి. వేల డబ్బాలున్న షాపులో ఆ పైసలే పెద్ద తేడా తెస్తాయి. గుణించడం అయ్యాక చివరి మొత్తాన్ని సరిచేయండి.

నాలుగు రేట్లు కలిపి నాలుగుతో భాగించాను. అదీ సగటే కదా?

సగటే, కానీ ఎన్ని డబ్బాలు ఏ రేటుకు కొన్నారో దానికి తెలియదు. 1,500, 1,550, 1,780, 1,902 కలిపి నాలుగుతో భాగిస్తే 1,683 వస్తుంది. సరైన వెయిటెడ్ యావరేజ్ 1,690. ఏడు రూపాయలే తేడా కదా అని చాలామంది ఇక్కడ వదిలేస్తారు. నాలుగు లాట్లూ దాదాపు ఒకే సైజు కావడం వల్ల తప్పు చిన్నదిగా కనిపించింది, అంతే.

రేటు పెరగకముందు 1,550కి 200 డబ్బాలు దింపుకుని, పెరిగాక భయంతో 1,900కి 20 మాత్రమే కొన్న షాపును తీసుకోండి. రెండు రేట్లు కలిపి సగం చేస్తే 1,725. అసలు లెక్క రూ.3,48,000 భాగించు 220, అంటే దాదాపు 1,582. డబ్బాకు 143 రూపాయలు గాలిలోంచి పుట్టాయి. రేటు పెరిగే ముందు ఎక్కువ, పెరిగాక తక్కువ కొనడం వ్యాపారుల సహజ గుణం కాబట్టి, ఈ తప్పు ఎక్కువగా స్టాకు విలువను పెంచే వైపే లాగుతుంది.

నాకు 1,25,370 వచ్చింది. ఫిఫో కాదు, 1,18,300 కూడా కాదు. ఎక్కడ తప్పాను?

తప్పలేదు. మీరు వేసింది మూవింగ్ యావరేజ్. ఇది కూడా వెయిటెడ్ యావరేజే, కాకపోతే నెలాఖరు దాకా ఆగకుండా సరుకు వచ్చిన ప్రతిసారీ కొత్త సగటు తీస్తుంది.

నాలుగో తేదీ కొనుగోలు తర్వాత 100 డబ్బాలు, రూ.1,53,000, సగటు 1,530. పన్నెండున 60 అమ్మారు, అవి 1,530 చొప్పున వెళ్లిపోయాయి. మిగిలిన 40కి రూ.61,200. పద్దెనిమిదిన 60 డబ్బాలు (1,06,800) కలిశాయి: 100 డబ్బాలు, రూ.1,68,000, సగటు 1,680. ఇరవైనాలుగున 50 వెళ్లాయి, మిగిలిన 50కి రూ.84,000. ఇరవైఆరున 95,100 కలిసింది: 100 డబ్బాలు, రూ.1,79,100, సగటు 1,791. ముప్పైన 30 వెళ్లగా మిగిలిన 70ని 1,791తో గుణిస్తే రూ.1,25,370.

నెల సగటు కంటే ఇది ఎందుకు ఎక్కువ? 12న అమ్మిన డబ్బాల మీద అప్పటికి ఇంకా రాని ఖరీదైన సరుకు ప్రభావం పడలేదు. అందుకని పాత తక్కువ రేటు అమ్మకాలతో వెళ్లిపోయి, పెరిగిన రేటు మిగిలిన సరుకులో ఎక్కువగా నిలిచింది. రేటు క్రమంగా ఎక్కుతున్న ఇలాంటి నెలలో మామూలుగా మూవింగ్ యావరేజ్ విలువ ఫిఫోకూ నెల సగటుకూ మధ్యలో పడుతుంది. కంప్యూటర్‌లో రోజువారీ ఎంట్రీ ఉన్న షాపుకు ఈ పద్ధతి బాగా కుదురుతుందని నా అభిప్రాయం. చేత్తో రాసే షాపుకు మాత్రం వద్దు, ఒక్క తేదీ తారుమారైనా దాని తర్వాతి అంకెలన్నీ మారిపోతాయి.

పుస్తకంలో 70 ఉన్నాయి, లెక్కపెడితే 68 తేలాయి. ఏ రేటు తీసేయాలి?

విలువ కట్టాల్సింది కళ్లకు కనిపించే 68కే. ఫిఫోలో చివరి బిల్లు నుంచి వెనక్కి వస్తారు కాబట్టి 1,902 చొప్పున 50, 1,780 చొప్పున 18 మిగులుతాయి, విలువ రూ.1,27,140. నెల సగటులో 68ని 1,690తో గుణిస్తే రూ.1,14,920. తగ్గిన రెండూ కారిపోయాయా, బిల్లు రాయకుండా వెళ్లాయా అన్నది ముందు తేల్చుకోండి. బిల్లు మర్చిపోయి ఉంటే అది అమ్మకం, నష్టం కాదు.

టాలీలో వచ్చే విలువ నా లెక్కతో కలవడం లేదు. ఎందుకు?

మూడు చోట్ల చూడండి. మొదటిది, స్టాక్ ఐటమ్‌లో `Costing Method` ఏముందో. `Avg. Cost` పెట్టి ఉంటే అది ఆర్థిక సంవత్సరం మొదటి నుంచి వచ్చిన సరుకు మొత్తానికి సగటు తీస్తుంది. సెప్టెంబర్ ఒక్క నెలకు మీరు వేసిన సగటుతో అది కలవదు, ఏప్రిల్ నాటి తక్కువ రేట్లు కూడా అందులో ఉంటాయి. నెలవారీ సగటుకు `Monthly Avg. Cost` వేరే ఉంది. ఫిఫో కావాలంటే `FIFO`.

రెండోది, వ్యాను కిరాయి. దాన్ని విడిగా ఖర్చు లెడ్జర్‌లో రాస్తే డబ్బా రేటులోకి రాదు. అప్పుడు 1,902 బదులు 1,890కే విలువ వేస్తుంది. మూడోది చాలా షాపుల్లో ఉన్నదే: సరుకు వచ్చింది, అమ్మేశారు, కొనుగోలు బిల్లు మాత్రం వారం తర్వాత ఎంటర్ చేశారు, అదీ ఎంటర్ చేసిన రోజు తేదీతో. మధ్యలో స్టాకు మైనస్‌లోకి వెళ్తుంది. మైనస్ స్టాకుకు నిజమైన ఖరీదు ఉండదు కాబట్టి దాని మీద తీసిన ఏ విలువనూ నమ్మలేం. ఐటమ్ వివరాలు తెరిచి ఏ తేదీనైనా మిగులు మైనస్‌లో ఉందా చూడండి. ఉంటే కొనుగోలు ఎంట్రీని సరుకు వచ్చిన తేదీకి మార్చండి. పద్ధతి మార్చడం దీనికి మందు కాదు.

## తేడా కనిపించాక

ఫిఫోలో లాభం 23,100, సగటులో 10,700. నేను నిజంగా సంపాదించింది ఎంత?

అమ్మకాలు రెండింట్లోనూ రూ.2,47,300. ఫిఫోలో అమ్మిన సరుకు ఖరీదు 2,24,200 కాబట్టి స్థూల లాభం 23,100. నెల సగటులో ఖరీదు 2,36,600 కాబట్టి 10,700. తేడా రూ.12,400. క్లోజింగ్ స్టాక్ విలువల మధ్య ఉన్న తేడా (1,30,700 మైనస్ 1,18,300) కూడా సరిగ్గా అంతే. లాభంలో తేడా ఇంకెక్కడి నుంచీ రాదు. గల్లాపెట్టెలోకి వచ్చిన డబ్బు, సప్లయర్‌కు కట్టిన డబ్బు రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే.

రెండూ సరైన లెక్కలే. కాకపోతే అవి చెప్పే సంగతి వేరు. ఫిఫోలో 24న, 30న 1,850, 1,960కి అమ్మిన డబ్బాల్లో సగం 1,550 ఖరీదు కిందే పడ్డాయి. ఆ లాభంలో కొంత మీ వ్యాపార నైపుణ్యం కాదు, పాత స్టాకు చేతిలో ఉండగా సుంకం పెరగడం వల్ల కలిసొచ్చింది. అదే 50 డబ్బాలు మళ్లీ నింపుకోవడానికి 1,902 పెట్టాల్సి వచ్చిందని గుర్తుంచుకుంటే 23,100 చూసి సొంత ఖర్చులకు డబ్బు తీయరు. నెల సగటు అటువైపు తప్పు చేస్తుంది: 12న 1,600కి అమ్మిన డబ్బాల మీద కూడా 1,690 ఖరీదు వేసి, ఆ రోజు నష్టానికి అమ్మినట్టు చూపిస్తుంది. ఆ రోజు మీరు నష్టపోలేదు.

ఈ 12,400 తేడా ఎప్పటికీ అలాగే ఉండిపోతుందా?

ఉండదు. ఈ నెల క్లోజింగ్ స్టాకే వచ్చే నెల ఓపెనింగ్ స్టాక్. అక్టోబర్‌లో దసరాకు ఆ 70 డబ్బాలూ 1,970 చొప్పున అమ్మేసి, కొత్తగా ఏమీ కొనలేదనుకోండి. అమ్మకం రూ.1,37,900. ఫిఫోలో ఖరీదు 1,30,700, లాభం 7,200. నెల సగటులో ఖరీదు 1,18,300, లాభం 19,600. రెండు నెలలూ కలిపితే ఫిఫోలో 23,100, 7,200. సగటులో 10,700, 19,600. రెండు చోట్లా రూ.30,300.

కాబట్టి పద్ధతి లాభాన్ని పుట్టించదు, ఏ నెలలో కనిపించాలో మాత్రమే మారుస్తుంది. షాపులో ఎప్పుడూ స్టాకు ఉంటూ రేట్లు కూడా ఎక్కుతూనే ఉంటే ఆ తేడా నెల నుంచి నెలకు ముందుకు జరుగుతుంది. స్టాకు అయిపోయినప్పుడో, రేటు దిగినప్పుడో తీరిపోతుంది.

ఫిఫో పెడితే పన్ను ఎక్కువ కట్టాలా?

సెప్టెంబర్ విలువకు ఆదాయపు పన్నుతో నేరుగా సంబంధం లేదు. పన్నుకు లెక్క మార్చి 31 నాటి స్టాకు. ఆ తేదీకి ముందు రేటు ఎక్కుతూ ఉంటే ఫిఫోలో స్టాకు విలువ, దాంతో లాభం ఆ ఏడాది ఎక్కువగా కనిపిస్తాయి. తేడా 12,400 అయితే 30 శాతం శ్లాబులో ఉన్నవారికి, సెస్సు వదిలేస్తే, రూ.3,720. అదీ మరుసటి ఏడాది ఓపెనింగ్ స్టాక్ ఎక్కువ ఉండటం వల్ల వెనక్కి సర్దుకుంటుంది. మార్చిలో రేటు పడిపోతుంటే వ్యవహారం తిరగబడి ఫిఫో విలువే తక్కువ వస్తుంది. ఈ మాత్రం దానికోసం పద్ధతి ఎంచుకోవడం దండగ.

రేపు ఏ రేటుకు అమ్మాలో తేల్చుకోవడానికి ఏ ఖరీదు చూడాలి?

రెండూ చూడొద్దు. డబ్బా ఈ రోజు తెప్పిస్తే ఎంత పడుతుందో చూడండి. సగటు 1,690 కదా అని 1,750కి అమ్మితే పుస్తకంలో 60 రూపాయల లాభం, కానీ అదే డబ్బా తిరిగి నింపడానికి 1,902 కావాలి. 20 డబ్బాలు అమ్మిన డబ్బుతో 18 మాత్రమే వస్తాయి. రేటు పెరుగుతున్నప్పుడు "లాభం వస్తోంది గానీ చేతిలో డబ్బు ఉండటం లేదండీ" అనేవాళ్ల కథ చాలాసార్లు ఇదే.

## పద్ధతి మార్చేటప్పుడు, బయటివాళ్లకు చూపేటప్పుడు

నెలాఖరులో రేటు మళ్లీ పడిపోతే ఏ విలువ తీసుకోవాలి?

కొన్న ఖరీదును, అమ్మితే చేతికి వచ్చేదాన్ని పక్కపక్కన పెట్టి తక్కువది తీసుకోవాలి. సెప్టెంబర్ 30న అమ్మకం రేటు 1,850కి పడిపోయింది, కస్టమర్‌కు పంపడానికి డబ్బాకు 20 ఖర్చు అనుకుందాం. చేతికి వచ్చేది 1,830, డెబ్బైకి రూ.1,28,100. ఫిఫో ఖరీదు 1,30,700 దీనికంటే ఎక్కువ కాబట్టి విలువ 1,28,100కి దిగాలి, రూ.2,600 నష్టం ఆ నెలలోనే కనిపించాలి. నెల సగటు ఖరీదు 1,18,300 ఇంకా కిందే ఉంది కాబట్టి దాన్ని కదపక్కర్లేదు.

పామాయిల్‌ను పామాయిల్‌తోనే పోల్చండి. సన్‌ఫ్లవర్ మీద వచ్చిన మిగులుతో పామాయిల్ తరుగును కప్పేయకూడదు. నూనెలో ఇది ఊహించి చెప్పిన ప్రమాదం కాదు. పెంచిన సుంకాన్నే 2025 మే నెలాఖరులో ముడి నూనెల మీద 16.5 శాతానికి తగ్గించారు. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు ఎక్కువ రేటుకు కొని నిల్వ ఉంచిన డబ్బాలకు ఈ పోలిక తప్పనిసరిగా చేయాలి.

చివర కొన్నవే ముందు అమ్మినట్టు వేసే లిఫో వాడొచ్చా? టాలీలో ఉంది కదా.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నంత మాత్రాన చెల్లదు. ఏఎస్–2 గానీ, ఆదాయపు పన్ను లెక్కలకు ఉన్న ఐసీడీఎస్–2 గానీ లిఫోను ఒప్పుకోవు. ఇలాంటి సరుకుకు ఫిఫో, వెయిటెడ్ యావరేజ్ ఈ రెండే దారులు.

ఈ ఏడాది ఫిఫో, వచ్చే ఏడాది సగటు వేసుకోవచ్చా?

లాభం ఎటు బాగుంటే అటు మారడం కుదరదు. ఐసీడీఎస్–2 వర్తించే వ్యాపారి సరైన కారణం లేకుండా పద్ధతి మార్చకూడదు. కంపెనీ లెక్కల్లో అయితే చట్టం అడిగినప్పుడో, కొత్త పద్ధతి లెక్కలను ఇంకా సరిగ్గా చూపిస్తుందనుకున్నప్పుడో మాత్రమే మార్చి, దాని వల్ల లాభం ఎంత మారిందో రాయాలి. టాలీలో ఒక్క క్లిక్‌తో మారిపోతుంది కాబట్టి ఇది పెద్ద విషయంలా కనిపించదు. పాత నెలల విలువలు కూడా దాంతో మారిపోయి, ఇప్పటికే బ్యాంకుకు ఇచ్చిన అంకెలు మీ పుస్తకంలో కనిపించకుండా పోయాక తెలుస్తుంది.

బ్యాంకు స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఏ విలువ రాయాలి?

పుస్తకంలో ఏ పద్ధతి ఉందో అదే. క్యాష్ క్రెడిట్ ఉన్న షాపులకు స్టాకు ఎక్కువ చూపిస్తే డ్రాయింగ్ పవర్ పెరుగుతుంది, అందుకే ఈ ప్రశ్న. మార్జిన్ 25 శాతం అనుకుని, సప్లయర్ బాకీలేవీ లేవనుకుంటే, ఫిఫో విలువ మీద రూ.98,025, నెల సగటు మీద రూ.88,725 వాడుకోవచ్చు. ఒక్క రకం నూనె మీదే తొమ్మిది వేల పైచిలుకు. షాపు మొత్తానికి లెక్కేస్తే ఆశ పుట్టడం సహజం. కానీ బ్యాంకుకు ఫిఫో, ఆడిటర్‌కు సగటు ఇస్తే ఏడాది చివర రెండు కాగితాలూ ఒకే టేబుల్ మీదకు వస్తాయి. సప్లయర్‌కు ఇంకా కట్టని బాకీని స్టాకులోంచి తీసేసి చూపాలన్న సంగతి కూడా చాలామంది వదిలేస్తారు.

30న సప్లయర్ బిల్లు వేశాడు, లోడు 1న పెందుర్తి గోడౌన్‌లో దిగింది. దాన్ని కలపాలా?

సరుకు ఎప్పటి నుంచి మీదైందో దాన్ని బట్టి. సప్లయర్ గోడౌన్ దగ్గర లోడు ఎక్కగానే బాధ్యత మీదయ్యే ఒప్పందమైతే 30 నాటికే అది మీ సరుకు. దారిలో ఉన్న సరుకుగా కొనుగోలులోనూ క్లోజింగ్ స్టాక్‌లోనూ రెండు చోట్లా చూపాలి. మీ గోడౌన్‌లో దింపాకే మీదయ్యేట్టయితే రెండు చోట్లా వదిలేయాలి. బిల్లును కొనుగోలులో రాసి డబ్బాలను స్టాకులో కలపకపోవడం మాత్రం ఏ పద్ధతిలోనూ కుదరదు. అలా చేస్తే ఆ లోడు ఖరీదంతా సెప్టెంబర్ నష్టంగా కనిపించి, అక్టోబర్ లాభంగా తిరిగొస్తుంది. ఒక నెల లాభం అకారణంగా పడిపోయి మర్నెల ఎగిరితే ఫిఫోనా, సగటా అని వెతకడానికి ముందు 30, 1 తేదీల బిల్లుల పక్కన లారీ చీటీలు పెట్టి చూడండి.